పదమూడు లక్షలు లక్షా ముప్పై రెండు వేలైన రోజు: ఒక మేత షాపు షీటు కేసు

షీటులో బాకీ 64,05,750. పుస్తకంలో 80,28,500. రెండూ ఒకే షాపువి, ఒకే సాయంత్రానివి. తేడా 16,22,750 రూపాయలు.

నేను భీమవరంలో ఉంటాను. చుట్టుపక్కల కొన్ని షాపులకు లెక్కలు చూస్తాను. ఈ షాపు ఉండి ఊరి వైపు వెళ్లే రోడ్డులో ఉంది. రొయ్యల మేత అమ్ముతారు. డెల్టాలో ఈ వ్యాపారం ఎక్కువగా అరువు మీదే నడుస్తుంది. చెరువులో రొయ్య పిల్ల వేసిన దగ్గర్నుంచి రైతు బస్తాలు పట్టుకెళ్తూ ఉంటాడు, రొయ్య పెరిగి పట్టుబడి అయ్యాక కొనుగోలుదారు డబ్బు వేస్తే షాపుకి జమ చేస్తాడు. అంటే మూడు నాలుగు నెలల పాటు చిన్న చిన్న ఖర్చులు, ఆ తర్వాత ఒకేసారి పెద్ద జమ. ఈ తీరు గుర్తుంచుకోండి, అసలు తప్పు ఇక్కడే దాక్కుంది.

షావుకారు గారి అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. ఆయనే గూగుల్ షీట్స్‌లో ఫైల్ ఒకటి పెట్టి షాపులో నలుగురికి పంచాడు. ఎ కాలమ్‌లో తేదీ, బి లో రైతు పేరు, సి లో చెరువు, డి లో వివరం, ఇ లో మొత్తం. మేత ఇస్తే ప్లస్, డబ్బు వస్తే మైనస్. పైన ఒక గడిలో `=SUM(E2:E)`. గొడౌన్ దగ్గరి కుర్రాడు, పట్టుబడుల దగ్గర తిరిగే కుర్రాడు ఫోన్లలో ఎక్కిస్తారు. షాపులో గుమాస్తా గారు ఆ షీటు చూసి పుస్తకంలో రాసుకుంటారు. ఆయన ముప్పై ఏళ్లుగా అక్కడే ఉన్నారు. షీటు మీద నమ్మకం లేదు, పుస్తకం మీద ఉంది. షావుకారు గారిదీ అదే మాట: "పుస్తకం తప్పు చెప్పదయ్యా. ఆ ఫోన్లో ఏదో తేడా ఉంది, చూసిపెట్టు."

మొదట నేనూ అలాగే అనుకున్నాను.

తేడా వచ్చినప్పుడు నేను మొత్తాల జోలికి వెళ్లను. ముందు ఆ కాలమ్‌లో ఉన్నవన్నీ అంకెలేనా అని చూస్తాను. ఖాళీ గడిలో ఈ రెండూ కొట్టి చూడండి:

```
=COUNTA(E2:E)
=COUNT(E2:E)
```

మొదటిది ఖాళీగా లేని గడులన్నిటినీ లెక్కపెడుతుంది. రెండోది అంకెలున్న గడుల్ని మాత్రమే. ఇక్కడ మొదటిది 412, రెండోది 409. అంటే కంటికి అంకెల్లా కనిపిస్తూ షీటు దృష్టిలో మాటలుగా మిగిలిపోయిన గడులు మూడున్నాయి. SUM కి ఒక పరిధి ఇస్తే అందులోని మాటల్ని దాటుకుంటూ పోతుంది. ఎర్రగీత రాదు, హెచ్చరిక రాదు. ఆ మూడూ ఎక్కడున్నాయో ఇది చూపిస్తుంది:

```
=FILTER(A2:E, ISTEXT(E2:E))
```

వచ్చినవి ఇవీ: `1,88,000/-`, `Rs.1,41,000/-`, `1,05,750/-`. మూడూ గొడౌన్ కుర్రాడు ఎక్కించినవే. బిల్లు మీద ఎలా రాస్తామో అలాగే కొట్టేశాడు. చెక్కు మీదా రసీదు మీదా అంకె వెనక ఎవరూ ఇంకో సున్నా తగిలించకుండా మనం గీత గీసి ముగిస్తాం కదా, ఆ అలవాటే. కాగితం మీద అది కాపలా. షీటులో అది కొడితే ఆ గడి అంకె కాకుండా పోతుంది. ఫోన్‌లో ఇంకో చిక్కుంది. మామూలుగా అంకెలు గడిలో కుడి అంచుకి, మాటలు ఎడమ అంచుకి చేరతాయి కాబట్టి పెద్ద తెర మీద ఇట్టే దొరికిపోతాయి. ఇక్కడ కాలమ్ మొత్తాన్ని అందం కోసం మధ్యకి జరిపారు. ఆ గుర్తూ పోయింది.

బస్తా 2,350 చొప్పున 80, 60, 45 బస్తాల బిల్లులవి. మూడూ కలిపితే 4,34,750. షీటు తక్కువ చూపిస్తున్నదానికి ఇదొక కారణం. ఇక్కడిదాకా సులువే.

ఇక్కడే నేనొక తెలివితక్కువ పని చేశాను. మూడు గడుల్ని చేత్తో దిద్దితే రెండు నిమిషాల పని. కానీ రేపు మళ్లీ ఇలాంటివి వస్తాయని, అన్నిటికీ పనికొచ్చే సూత్రం రాద్దామని కూర్చున్నాను. అంకెలూ చుక్కా తప్ప మిగతావన్నీ తీసేయమని చెప్పాను:

```
=VALUE(REGEXREPLACE(E57,"[^0-9.]",""))
```

`1,88,000/-` చక్కగా 188000 అయింది, `1,05,750/-` కూడా సరిగానే వచ్చింది. వచ్చిన విలువల్ని మూడు గడుల్లో అతికించి, COUNT మళ్లీ చూస్తే 412. హమ్మయ్య అనుకున్నాను. షీటు మొత్తం 66,99,500 కి పెరిగింది. పుస్తకంతో తేడా 13,29,000 కి తగ్గింది.

దాంతో ఒక అరగంట పోయింది. పెరగాల్సింది 4,34,750 అని నా చేతిలోని చీటీ మీదే రాసుంది. పెరిగింది 2,93,750. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసేదాకా తట్టలేదు. 1,41,000 రాలేదు. `Rs.1,41,000/-` లో అక్షరాలు పోయాయి, కామాలు పోయాయి, కానీ `Rs` వెనక చుక్క మిగిలింది. మిగిలింది `.141000`. షీటు దాన్ని 0.141 గా చదివింది. పద్నాలుగు పైసలన్నమాట. ఆ కాలమ్ ఫార్మాట్‌లో పైసలు కనపడవు కాబట్టి గడిలో 0 అని ఉంది. మాటగా ఉన్నప్పుడైనా FILTER పట్టుకునేది. నేను దాన్ని పట్టుబడని అంకెగా మార్చాను.

ఇప్పుడు నేను వాడేది ఇంత పొగరు లేని సూత్రం. కచ్చితంగా తెలిసిన మూడింటినే తీసేస్తుంది. తెలియనిది ఇంకేదైనా ఉంటే తప్పు చూపించి ఆగిపోతుంది, అదే నాకు కావాలి:

```
=VALUE(SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(E57,"Rs.",""),"/-",""),",",""))
```

ఆ గడి దిద్దాక షీటు 68,40,500 కి వచ్చింది. పుస్తకం 80,28,500 దగ్గరే ఉంది. తేడా 11,88,000.

ఈ అంకెని చూడగానే పాత లెక్కల మాస్టార్లు చేసే పని ఒకటుంది. అంకెలన్నీ కూడతారు. ఒకటీ ఒకటీ ఎనిమిదీ ఎనిమిదీ, పద్దెనిమిది. తొమ్మిదితో పోతుంది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే, ఎవరో ఒక అంకెని ఒక స్థానం జరిపి రాశారనో, రెండంకెలు అటూ ఇటూ చేశారనో అనుమానించాలి. కారణం చిన్నదే: ఒక సున్నా పోతే పదిలో ఒక వంతే మిగులుతుంది, పోయింది తొమ్మిది వంతులు. కాబట్టి తేడాని తొమ్మిదితో భాగిస్తే తప్పుగా రాసిన అంకే నేరుగా బయటికొస్తుంది. 11,88,000 ని తొమ్మిదితో భాగిస్తే 1,32,000.

గమనించండి, ఇందాక తేడా 16,22,750 గా ఉన్నప్పుడు, ఆ తర్వాత 13,29,000 గా ఉన్నప్పుడు, అది తొమ్మిదితో పోలేదు. రెండు తప్పులు కలిసి ఉంటే ఈ చిట్కా నోరు విప్పదు. మాటలుగా మారిన గడుల్ని ముందు ఏరేశాకే పనికొచ్చింది.

గుమాస్తా గారిని అడిగాను. "బాబాయ్ గారూ, పుస్తకంలో లక్షా ముప్పై రెండు వేలు ఎక్కడైనా ఉందా?"

ఆయన కళ్లజోడు సర్దుకుని పేజీలు తిప్పారు. జమల వైపు ఉంది. ఒక రైతు పట్టుబడి డబ్బు. అదే తేదీ, అదే రైతు, షీటులో వెతికాను. ఆ గడి ఇలా ఉంది:

```
-1,320,000
```

"ఇదే కదండీ మీరు చూసి రాసింది?"

"అదే. మధ్యలో మూడంకెలు పడ్డాయి చూడు బాబూ. లక్షల దగ్గర మూడంకెలేంటి? కుర్రాడు ఒక సున్నా ఎక్కువ కొట్టాడనుకున్నాను. లక్షా ముప్పై రెండు వేలని సరిచేసి రాశాను."

ఆయన తప్పు చదవలేదు. తనకి తెలిసిన పద్ధతిలో, ఒప్పుగానే చదివారు. మన లెక్కలో వేల తర్వాత రెండేసి అంకెలకి కామా. రెండు కామాలున్న అంకె మొదట్లో ఒకటే అంకె ఉంటే అది లక్ష. ఆ గడిలోది మాత్రం మూడేసి అంకెలకి కామా పెట్టే మిలియన్ల పద్ధతి. అక్కడ రెండు కామాలు, మొదట ఒక అంకె అంటే పది లక్షల పైమాట. 1.32 మిలియన్లు, అంటే 13 లక్షల 20 వేలు. గడిలో నిజంగా ఉన్న విలువ -1320000. కుర్రాడు కొట్టింది సరిగ్గా అదే.

బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పించి చూశాం. ఆ రోజు ఆర్టీజీఎస్‌లో వచ్చింది 13,20,000. షీటే నిజం. పుస్తకం తప్పు.

షావుకారు గారు కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న: "మిగతావన్నీ మన పద్ధతిలోనే కనిపిస్తున్నాయి కదా. ఈ ఒక్కటే ఎందుకలా ఉంది?"

ఆ కాలమ్ ఫార్మాట్ తెరిస్తే తెలిసింది. ఫైల్ లొకేల్, అంటే ఏ దేశపు పద్ధతి పాటించాలో చెప్పే సెట్టింగ్, యునైటెడ్ స్టేట్స్‌గా ఉంది. దాంతో కామాలు మిలియన్ల పద్ధతిలో వస్తున్నాయని అబ్బాయి గారు ఎక్కడో దొరికిన ఫార్మాట్ ఒకటి తెచ్చి పెట్టారు. చాలామంది వాడేదే:

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
```

సెమికోలన్లు దీన్ని మూడు ముక్కలు చేస్తాయి. విలువ కోటి, ఆపైన ఉంటే మొదటి ముక్క. లక్ష, ఆపైన ఉంటే రెండోది. ఈ రెండు ముక్కల్లో కామా ముందు వెనకగీత ఉంది చూశారా, అంటే ఆ కామాని మనమే చేత్తో పెట్టుకుంటున్నాం, షీటు పెట్టడం లేదు. మూడో ముక్క మిగతా వాటన్నిటికీ. అక్కడ వెనకగీత లేదు. కామా ఎక్కడ పెట్టాలో షీటే నిర్ణయిస్తుంది, ఫైల్ లొకేల్ ప్రకారం.

ఇక -1320000 ని తీసుకోండి. కోటి కంటే ఎక్కువా? కాదు. లక్ష కంటే ఎక్కువా? కాదు, సున్నా కంటే తక్కువ కదా. కాబట్టి మూడో ముక్కలో పడింది. మైనస్ అంకెలన్నీ, ఎంత పెద్దవైనా, అక్కడే పడతాయి. ఇంకో షరతు చేర్చుదామంటే కుదరదు, ఇలాంటి ఫార్మాట్‌లో షరతులు రెండే.

మరి ఇన్ని నెలలూ ఎందుకు బయటపడలేదు? లక్ష లోపు అంకెలకి రెండు పద్ధతుల్లోనూ కామా ఒకే చోట. -85,000 ఎలా రాసినా -85,000. మధ్యమధ్య వచ్చే చిన్న జమలన్నీ లక్ష లోపువే. పట్టుబడులు మొదలయ్యాకే లక్ష దాటిన మైనస్‌లు వచ్చాయి. ఆ సీజన్‌లో అలాంటివి పదకొండు. పదింటికి రైతు షాపుకొచ్చి ఎదురుగా కూర్చుని చెప్పాడు, గుమాస్తా గారు విని రాసుకున్నారు. ఈ ఒక్కటి, ఆయన చుట్టాల పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడు, షీటు చూసి రాసింది.

ఫార్మాట్‌ని దిద్దడం కంటే మైనస్‌నే తీసేయడం మేలనుకున్నాను. మన పుస్తకాల్లో ఎటూ ఖర్చు ఒక వైపు, జమ ఒక వైపు రాస్తాం. షీటులోనూ ఇ కాలమ్‌ని రెండు చేశాం. ఇ లో మేత, ఎఫ్ లో జమ, రెండింటిలోనూ ప్లస్ అంకెలే. ఇక ఆ ఫార్మాట్‌కి మైనస్ ఎదురుకాదు. రైతువారీ బాకీ దగ్గర మాత్రం, ముందుగా డబ్బిచ్చిన రైతు ఉంటే మళ్లీ మైనస్ వస్తుంది. అక్కడ కూడా రెండు కాలమ్‌లు పెట్టాం. ఆ పేజీలో బి లో రైతు మొత్తం మేత, సి లో మొత్తం జమ అనుకుంటే, బాకీకి మొదటిది, అడ్వాన్సుకి రెండోది:

```
=MAX(0, B2-C2)
=MAX(0, C2-B2)
```

లొకేల్‌ని అప్పటికప్పుడు ఇండియాకి మార్చేద్దామని అబ్బాయి గారు ఫోన్‌లో అన్నారు. సీజన్ మధ్యలో వద్దన్నాను. లొకేల్ మారితే కామాలే కాదు, కొట్టిన తేదీని షీటు చదివే తీరూ మారుతుంది. 05/08 అని కొడితే అమెరికా లొకేల్‌లో మే 8, మన లొకేల్‌లో ఆగస్టు 5. నలుగురూ అప్పటికే ఒక అలవాటులో ఉన్నారు. కొత్త పంటకి కొత్త ఫైల్ తెరిచినప్పుడు మొదటి రోజే ఇండియా పెట్టాం.

పైన ఒక ఎర్ర గడి పెట్టాం. ఎఫ్ కాలమ్‌కి కూడా ఇలాంటిదే ఇంకొకటి:

```
=COUNTA(E2:E)-COUNT(E2:E)
```

సున్నా కాకపోతే ఆ రోజు పుస్తకం రాయకూడదు. డేటా వాలిడేషన్‌లో `=ISNUMBER(E2)` పెట్టి, అంకె కానిదాన్ని తోసేయమనీ చెప్పాను. అదొక్కటే చాలదు. వేరే గడిని కాపీ చేసి ఇక్కడ అతికిస్తే దాంతో పాటు ఆ కాపలా కూడా చెరిగిపోతుంది. అందుకే ఎర్ర గడి.

ఇంతటితో అయిపోయిందనుకుని లేస్తుంటే, అబ్బాయి గారు ఇంకో సంగతి చెప్పారు. రోజూ రాత్రి షీటు నుంచి తనకో మెయిల్ వస్తుందట. తనే రాసుకున్న చిన్న స్క్రిప్టు. "అందులో బాకీ 64 అనే వచ్చేదండీ నిన్నటిదాకా. 64 లక్షలు, సరిపోయింది కదా."

స్క్రిప్టు పంపమన్నాను. అందులో బాకీల పేజీని చదివే వరసలివి:

```
var v = sheet.getRange("D2:D60").getDisplayValues();
var baki = parseFloat(v[i][0]);
```

`getDisplayValues` గడిలోని విలువని కాదు, తెర మీద కనిపించే రాతని, కామాలతో సహా తెస్తుంది. `parseFloat` ఎడమ నుంచి చదువుతూ, అంకె కానిది తగలగానే ఆగిపోతుంది. `64,05,750` లో మొదటి కామా దగ్గర ఆగింది. వచ్చింది 64. అది లక్షల లెక్క కాదు, కామా ముందున్న ముక్క. యాదృచ్ఛికంగా అర్థం కుదిరింది, అంతే. మొత్తం కోటి దాటి ఉంటే ఆ మెయిల్‌లో 1 అని వచ్చేది.

రైతువారీ జాబితాలో అది కుదరలేదు. 85,000 బాకీ ఉన్న రైతుకి 85. 3,40,000 బాకీ ఉన్న రైతుకి 3. మెయిల్ పెద్ద బాకీ నుంచి చిన్న బాకీకి వరసపెట్టి వస్తుంది. దాని ప్రకారం ముందు ఎవరి దగ్గరకి వసూలుకి వెళ్లాలో అబ్బాయి గారు కుర్రాళ్లకి చెప్పేవారు. లక్ష లోపు బాకీ ఉన్న చిన్న రైతులందరూ జాబితా పైన ఉండి, లక్షలు బాకీ ఉన్నవాళ్లు అడుగున మిగిలారు. "మా మీదే పడతారేంటండీ" అని ఒకాయన షాపుకొచ్చి గొడవపడ్డాడని గుమాస్తా గారు అప్పుడు గుర్తుచేశారు. ఎందుకో అప్పట్లో ఎవరికీ అర్థం కాలేదట.

అక్కడ దిద్దాల్సింది ఒక్క మాట. `getDisplayValues` బదులు `getValues`. గడిలోని అసలు అంకె వస్తుంది, `parseFloat` అవసరమే లేదు. అబ్బాయి గారు `Number` వాడి ఉంటే ఈ కథ మొదటి రాత్రే తెలిసేది. కామా ఉన్న రాతని ఇస్తే `Number` సగం చదివి ఊరుకోదు, `NaN` అని మొండికేస్తుంది.

తొమ్మిది చిట్కా గురించి ఒక మాట. తేడా తొమ్మిదితో పోయినంత మాత్రాన సున్నా పోయిందని రూఢి కాదు. 54 ని 45 గా రాసినా తేడా తొమ్మిదే. ఏ తప్పూ లేని చోట కూడా తొమ్మిది అంకెల్లో ఒకటి తొమ్మిదితో పోనే పోతుంది. అది వెతకాల్సిన అంకెని చెబుతుంది. నిజం చెప్పింది బ్యాంకు కాగితం.

గుమాస్తా గారు పుస్తకంలో పాత వరస కొట్టేయలేదు. కొత్త తేదీ వేసి, ఎర్ర సిరాతో "పట్టుబడి జమ తక్కువ రాసినది 11,88,000" అని కింద ఒక వరస ఎక్కించారు. బాకీ 68,40,500 కి దిగింది, రెండు చోట్లా. లక్ష దాటిన జమలకి ఇప్పుడాయన షీటు డి కాలమ్‌లో అక్షరాల్లో కూడా రాయమంటారు. పట్టుబడుల కుర్రాడు మొదట్లో విసుక్కున్నాడు. మొన్న చూస్తే "పదమూడు లచ్చల ఇరవైవేలు" అని ఉంది.